రెండు సిమ్‌లకీ టవర్ ఫుల్, నెట్ మాత్రం రాదు

సార్, నమస్తే. నాది సామ్‌సంగ్ ఫోన్, రెండు సిమ్‌లు. ఒకటి 15 ఏళ్లుగా వాడుతున్న నంబరు. బ్యాంకు, గ్యాస్, ఆధార్ అన్నీ దానికే ఉన్నాయి. దానికి మాట్లాడుకోవడానికి మాత్రమే ప్యాక్ వేయిస్తాం. రెండో సిమ్‌కి నెట్ ప్యాక్. 10 రోజుల కింద డిస్‌ప్లే పగిలితే షాపులో మార్పించాను. అప్పటి నుంచి ఇంట్లో వైఫైలో అంతా బాగానే ఉంటుంది, గుమ్మం దాటితే నెట్ రాదు. రెండు సిమ్‌లకీ టవర్ ఫుల్‌గా ఉంది, కాల్స్ కూడా వస్తున్నాయి. ప్యాక్ అయిపోయిందేమోనని మళ్లీ రీఛార్జ్ చేశాను. మొన్న రైతుబజార్‌లో కూరగాయలు తూయించుకున్నాక డబ్బులు వెళ్లక అన్నీ అక్కడే వదిలేసి వచ్చాను. షాపతను బోర్డు పోయింది, 3,500 అవుతుంది అంటున్నాడు. నెట్ సిమ్ మార్చి చూడమని మా మరిది అన్నాడు కానీ, అలా మారిస్తే ఫోన్‌పే పోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, తణుకు

అమ్మా, ఆ 3,500 ఇప్పుడే ఇవ్వకండి. మీ మరిది గారు చెప్పినదే సరైన దారి. మీ ఫోన్ నెట్ కోసం మాటల ప్యాక్ ఉన్న పాత సిమ్ దగ్గరికి వెళ్తోంది. అక్కడ నెట్ లేదు. ప్యాక్ ఉన్న సిమ్‌ని అది అడగడమే లేదు. సెట్టింగ్స్‌లో ఒక్క చోట మారిస్తే సరిపోతుంది. ఫోన్‌పేకి ఏమీ కాదు, అది ఎందుకో కాసేపట్లో చెబుతాను. ముందు పని పూర్తి చేసుకుందాం.

ఇంటి వైఫై ఆపేయండి. ఇది మర్చిపోతే ఏం మార్చినా ఫలితం తెలియదు, ఎందుకంటే వైఫై ఉన్నంతసేపూ ఫోన్ సిమ్ నెట్ జోలికే పోదు. మీకు ఇన్ని రోజులు తేడా ఇంట్లో కనిపించకపోవడానికీ, బజార్లో బయటపడటానికీ కారణం అదే. వైఫై ఆపాక స్క్రీన్ పైభాగం చూడండి. టవర్ గీతలు రెండు గుత్తులుగా ఉంటాయి. వాటిలో ఒకదాని పక్కనే 4G అనో 5G అనో ఉండి, దాని దగ్గర పైకీ కిందికీ చూసే రెండు చిన్న బాణాలు కనిపిస్తాయి. ఆ గుర్తు ఏ సిమ్ పక్కన ఉందో ఫోన్ నెట్ కోసం ఆ సిమ్‌నే పట్టుకుని ఉందని అర్థం. మీ విషయంలో అది పాత నంబరు పక్కన ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు Settings తెరిచి Connections లోకి వెళ్లండి. అందులో SIM manager అని ఉంటుంది. అది నొక్కితే పైన మీ రెండు సిమ్‌లూ, కింద Calls, Messages, Mobile data అని మూడు వరుసలూ కనిపిస్తాయి. ఈ మూడూ వేటికవే. కాల్స్ ఒక సిమ్ నుంచి, మెసేజ్‌లు ఒక సిమ్ నుంచి, నెట్ ఇంకో సిమ్ నుంచి పెట్టుకోవచ్చు. మీరు ముట్టుకోవాల్సింది మూడోది ఒక్కటే. Mobile data నొక్కి నెట్ ప్యాక్ ఉన్న సిమ్‌ని ఎంచుకోండి. మార్చమంటారా అని అడిగితే సరేననండి. పై రెండు వరుసలూ ఎలా ఉన్నాయో అలాగే వదిలేయండి.

అక్కడ రెండు సిమ్‌లూ SIM 1, SIM 2 అనే ఉండి ఏది ఏదో తెలియకపోతే కంగారు పడకండి. వేర్వేరు కంపెనీలవైతే కంపెనీ పేరు ఉంటుంది. రెండూ ఒకే కంపెనీవైతే, SIM 1 నుంచి ఇంట్లో ఇంకో ఫోన్‌కి రింగ్ ఇవ్వండి. ఆ ఫోన్‌లో ఏ నంబరు పడిందో చూస్తే తేలిపోతుంది. సిమ్ పేరు కింద కనిపించే ఫోన్ నంబరును మాత్రం నమ్మకండి. అది సిమ్‌లో రాసి ఉన్నదాన్ని చూపిస్తుంది, కొన్నిసార్లు ఖాళీగా ఉంటుంది, కొన్నిసార్లు తప్పు నంబరు ఉంటుంది.

మార్చాక అర నిమిషం ఆగండి. పైన ఉన్న 4G గుర్తు ఒక గుత్తి నుంచి రెండో గుత్తికి జరుగుతుంది. జరగడం మీ కంటికే కనిపిస్తుంది. జరగకపోతే విమానం బొమ్మ నొక్కి పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ ఆపేయండి. ఆ తర్వాత బ్రౌజర్‌లో ఇంతకు ముందు చూడని పేజీ ఏదైనా తెరవండి. వాట్సాప్‌లో పాత మెసేజ్‌లు చూసి నెట్ వచ్చిందనుకోకూడదు. అవి ఫోన్‌లోనే ఉంటాయి, నెట్ లేకపోయినా కనిపిస్తాయి.

మరి రెండు సిమ్‌లకీ టవర్ ఫుల్‌గా ఎందుకు చూపిస్తోంది? అసలు గందరగోళమంతా ఇక్కడే. ఆ గీతలు చెప్పేది టవర్ ఎంత బాగా అందుతోంది అన్నదొక్కటే. ప్యాక్ ఉందా, నెట్ వస్తుందా అన్న సంగతి వాటికి తెలియదు. రెండు సిమ్‌ల ఫోన్లలో రెండు సిమ్‌లూ కాల్స్ కోసం ఎప్పుడూ టవర్‌తో టచ్‌లోనే ఉంటాయి. అందుకే ఏ నంబరుకి చేసినా మీ ఫోన్ మోగుతుంది. నెట్ మాత్రం ఒక సమయంలో ఒకే సిమ్ మీద నడుస్తుంది. ఇంట్లో బోరు నీళ్లకీ మున్సిపల్ నీళ్లకీ రెండు పైపులు వచ్చి, ట్యాంకులోకి వెళ్లే చోట ఒకే వాల్వ్ ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. మున్సిపల్ పైపులో నీళ్లు జోరుగా వస్తున్నా వాల్వ్ ఎండిపోయిన బోరు వైపు తిప్పి ఉంటే ట్యాంకు నిండదు. మీరు రెండోసారి చేసిన రీఛార్జ్, వస్తున్న పైపులోనే ఇంకా నీళ్లు వదలడం. వాల్వ్ అలాగే ఉంది.

నెట్ లేని సిమ్ పక్కన 4G అని ఎందుకు వస్తుందని మీకు అనిపించవచ్చు. ఇప్పుడు కాల్స్ కూడా 4G మీదే వెళ్తున్నాయి. స్క్రీన్ పైన చిన్న అక్షరాల్లో VoLTE అని ఉంటుంది, అది దాని గుర్తే. కాబట్టి మాటల ప్యాక్ మాత్రమే ఉన్న సిమ్ కూడా 4G టవర్‌నే పట్టుకుంటుంది, 4G అనే చూపిస్తుంది. ఫోన్ దృష్టిలో ఆ సిమ్ చక్కగా పనిచేస్తోంది. ప్యాక్‌లో నెట్ లేదని ఆపేది కంపెనీ వాళ్ల దగ్గర, ఫోన్ దగ్గర కాదు. ఈ మాటల ప్యాక్‌ల వాడకం ఈమధ్య పెరిగింది. నెట్ అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, 2025 జనవరి నుంచి కంపెనీలు వాటిని అమ్ముతున్నాయి. బ్యాంకు నంబరు బతికి ఉంటే చాలనుకునే ఇళ్లకి అవి నిజంగా మంచివి. వాటి వల్ల వచ్చే ఇబ్బంది ఇదొక్కటే. ఇంతకు ముందు ఏ సిమ్ మీద పడినా కాస్తో కూస్తో నెట్ ఉండేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పుడు తప్పు సిమ్ మీద పడితే పూర్తిగా ఆగిపోతుంది.

షాపతను చెప్పిన బోర్డు సంగతి కూడా దీన్ని బట్టే చూడండి. బోర్డులో సిగ్నల్‌కి సంబంధించిన భాగం పోతే కాల్స్ కూడా పోవాలి. మీకు కాల్స్ వస్తున్నాయి, అవి 4G మీదే వస్తున్నాయి. అంటే ఏంటెన్నా, రేడియో, సిమ్ ట్రే అన్నీ పనిచేస్తున్నాయి. అతను అబద్ధం చెప్పాడని నేను అనను. డిస్‌ప్లే పని చేసేవాళ్లు చాలామంది నెట్ రాకపోతే ముందు హార్డ్‌వేర్ వైపే చూస్తారు. కానీ సెట్టింగ్ చూడకుండా బోర్డు అనడం మాత్రం తొందరపాటు.

అయితే సెట్టింగ్ దానంతట అదే ఎలా మారింది? మారిన రోజు మీ ఉత్తరంలోనే ఉంది. డిస్‌ప్లే మార్చాలంటే ఫోన్ విప్పాలి, విప్పే ముందు సిమ్ ట్రే బయటికి తీయాలి. పనయ్యాక కాల్ వస్తుందో లేదో చూడటానికి చాలా షాపుల్లో ముందు ఒక్క సిమ్ పెట్టి ఫోన్ ఆన్ చేస్తారు. ఒకే సిమ్ కనిపిస్తే ఫోన్‌కి ఇంకో దారి లేదు, కాల్స్‌కీ మెసేజ్‌లకీ నెట్‌కీ అన్నింటికీ దాన్నే పెట్టేసుకుంటుంది. తర్వాత రెండో సిమ్ వేస్తే, కొత్త సిమ్ వచ్చింది, నెట్ దేని మీద వాడాలి అని ఒక పెట్టె వచ్చి అడుగుతుంది. షాపులో అతను పది ఫోన్లు ముందేసుకుని ఉంటాడు, ఆ పెట్టెను మూసేసి ఫోన్ మీ చేతిలో పెడతాడు. నెట్ మొదటి సిమ్ మీదే ఉండిపోతుంది.

చాలామంది సిమ్‌లు అటుదిటు మారిపోయాయేమోనని ట్రే తీసి స్లాట్లు మార్చి చూస్తారు. దాని వల్ల లాభం లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ సిమ్‌ని గుర్తుపట్టేది స్లాటును బట్టి కాదు, సిమ్ కార్డు మీద అచ్చు వేసి ఉండే పొడవాటి నంబరును బట్టి. 1లో ఉన్నదాన్ని 2లో పెట్టినా, నెట్ అదే సిమ్‌ని వెతుక్కుంటూ వెళ్తుంది. పైగా ట్రే తీసినప్పుడల్లా పైన చెప్పిన గందరగోళానికి మళ్లీ అవకాశం ఇచ్చినట్టు అవుతుంది. కాబట్టి ట్రే ముట్టుకోకండి.

ఇక ఫోన్‌పే. మీ భయం న్యాయమైనదే, బ్యాంకు నంబరుతో ఆటలాడకూడదు. కానీ ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. యాప్‌ని మొదటిసారి పెట్టుకున్నప్పుడు ఏ సిమ్ నుంచి మెసేజ్ పంపాలి అని అడిగి, మీ బ్యాంకు నంబరు నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపించింది. ఆ నంబరు ఉన్న ఫోన్ ఇదేనని బ్యాంకు వైపు తెలుసుకోవడానికి అది. ఆ పని అప్పటితో అయిపోయింది. ఆ తర్వాత మీరు డబ్బు పంపిన ప్రతిసారీ యాప్‌కి కావలసింది ఏదో ఒక నెట్. అది ఏ సిమ్‌దైనా ఫర్వాలేదు, అసలు సిమ్‌ది కాకపోయినా ఫర్వాలేదు. దీనికి రుజువు మీ ఇంట్లోనే ఉంది. ఈ 10 రోజులూ మీరు ఇంట్లో వైఫై మీద డబ్బులు పంపుతూనే ఉన్నారు కదా. ఆ వైఫైకి మీ రెండు నంబర్లలో దేనితోనూ సంబంధం లేదు. అయినా పేమెంట్లు వెళ్లాయి. Mobile data వరుస మార్చడం కూడా అంతే. వాట్సాప్ కూడా ఇంతే, మీ వాట్సాప్ పాత నంబరు మీద ఉన్నా నెట్ కొత్త సిమ్‌ది వాడుకుంటుంది.

మీరు జాగ్రత్తపడాల్సింది ఇంకో చోట. బ్యాంకు సిమ్‌ని ఫోన్‌లోంచి తీయకండి. SIM manager లో ఆ సిమ్ పక్కన ఉండే మీటను ఆఫ్ చేయకండి. కొన్ని బ్యాంకు యాప్‌లు ఆ సిమ్ ఫోన్‌లో లేదని కనిపెడితే మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేయమంటాయి. అప్పుడు ఆ సిమ్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్లాలి, వెళ్లాలంటే ప్యాక్‌లో ఎస్ఎంఎస్ ఉండాలి, లేదా బ్యాలెన్సులో నాలుగు రూపాయలు ఉండాలి. తక్కువ ధర ప్యాక్ వేయించేటప్పుడు అందులో ఎస్ఎంఎస్ ఉందో లేదో చూసుకోండి. కాల్స్ ఉన్నాయి కదా అని వేయించి, రిజిస్ట్రేషన్ దగ్గర మెసేజ్ వెళ్లక గంటలు గంటలు తిప్పలు పడ్డవాళ్లని చూశాను.

సెట్టింగ్ మార్చాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ నెట్ పోతే, మళ్లీ అదే చోటికి వెళ్లి చూడండి. Mobile data పాత సిమ్ మీదికి తిరిగి వెళ్లిపోయి ఉంటే మాత్రం దాని వెనక కారణం వెతకాలి. ముందు, SIM manager పేజీలోనే కిందికి వెళ్తే Auto data switching అనే మీట ఉంటుంది. ఒక సిమ్ సిగ్నల్ బాగా లేనప్పుడు రెండో సిమ్ నెట్ వాడుకోవడానికి అది. రెండు సిమ్‌లకీ నెట్ ప్యాక్ ఉన్నవాళ్లకి పనికొస్తుంది. మీలా ఒక దానికే నెట్ ఉన్నవాళ్లకి అది కష్టమే తెస్తుంది, ఆపేయండి.

అది ఆఫ్‌లోనే ఉన్నా మారుతోందంటే అనుమానించాల్సింది సిమ్ కార్డునే. ఇది మా ఇంట్లో జరిగింది. మా పెద్దనాన్నకి మీలాగే పాత నంబరు ఒకటి, నెట్ కోసం ఇంకోటి. ఆయనకి రెండు నెలలకోసారి నెట్ ఆగిపోయేది, నేను వెళ్లినప్పుడల్లా Mobile data సరిచేసి వచ్చేవాణ్ణి. గత సంక్రాంతికి వెళ్లినప్పుడు విసుగొచ్చి ట్రే తీసి చూశాను. నెట్ సిమ్ అంచులు గరుకుగా ఉన్నాయి, ఒక మూల కాస్త వంకర. అది ఎప్పుడో పెద్ద సైజు సిమ్. చిన్న ఫోన్ కొన్నప్పుడు షాపులో స్టేప్లర్‌లా ఉండే కట్టర్‌తో కోసి ఇచ్చారు. పాత సైజు సిమ్‌లు 0.76 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ఇప్పటి నానో సిమ్ 0.67 మిల్లీమీటర్లే. పొడవు, వెడల్పు కోస్తే తగ్గుతాయి, మందం తగ్గదు కదా. ట్రేలో బిగుతుగా కూర్చుంటుంది, బంగారు రంగు రేకు కోసిన చోట కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఆయన ఫోన్‌ని లుంగీ మడతలో పెట్టుకుని తోటకి వెళ్తారు, అక్కడ చిన్న కుదుపుకి ఆ సిమ్ ఫోన్‌కి తగలడం మానేసేది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు ఒకటే సిమ్ కనిపించేది. అంతే, నెట్ పాత నంబరు మీదికి వెళ్లిపోయేది. కాసేపటికి రెండో సిమ్ మళ్లీ తగిలినా నెట్ తిరిగి వచ్చేది కాదు. కొత్త సిమ్ తెచ్చి వేశాక ఆ బాధ మళ్లీ లేదు.

మీ పాత నంబరు 15 ఏళ్లది అంటున్నారు. ఆ సిమ్ ఈమధ్య మార్చుకుని ఉండకపోతే అది కూడా కోసిన సిమ్మే అయి ఉండొచ్చు. ఇప్పుడు సమస్య దానిది కాదు కాబట్టి తొందర లేదు. కానీ ఎప్పుడైనా పైన ఆ సిమ్ గీతలు మాయమై, సిమ్ లేదని గానీ No SIM అని గానీ చూపిస్తే, ట్రే తీసి తుడిచి పెట్టి ఊరుకోకండి. ఆ కంపెనీ స్టోర్‌కి మీరే ఆధార్ తీసుకుని వెళ్లి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఆ నంబరుకి ఎస్ఎంఎస్‌లు ఆపేస్తారు. మోసగాళ్లు మన పేరుతో సిమ్ తీసుకుని ఓటీపీలు కొట్టేయకుండా పెట్టిన జాగ్రత్త అది. ఆ రోజు ఓటీపీ రాదు, ఫోన్‌పే రిజిస్ట్రేషన్ కూడా అవ్వదు. కాబట్టి ఫీజు కట్టాల్సిన రోజో, ప్రయాణం రోజో కాకుండా చూసి మార్చుకోండి, చేతిలో కాస్త నగదు పెట్టుకోండి.

నెట్ సరైన సిమ్ మీద పెట్టారు, 4G గుర్తు కూడా అటు జరిగింది, అయినా పేజీ తెరుచుకోలేదనుకోండి. అప్పుడు చూడాల్సినవి రెండే. మొదటిది, ప్యాక్ సంగతి. కంపెనీ యాప్ ఇంటి వైఫైలో తెరిచి ప్యాక్ ఎప్పటి వరకు ఉందో చూడండి. మీరు రెండోసారి చేసిన రీఛార్జ్ కూడా అక్కడే కనిపిస్తుంది, మొదటిది అయిపోయాక మొదలయ్యేలా వరుసలో ఉందో లేదో తెలుస్తుంది. రోజువారీ డేటా అయిపోవడానికీ ఈ సిమ్ తేడాకీ పోలిక లేదు. రోజుకి ఒకటిన్నర జీబీ లాంటి ప్యాక్‌లలో అది అయిపోతే చాలాసార్లు నెట్ పూర్తిగా ఆగదు, స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. వాట్సాప్ మెసేజ్ ఈడుస్తూ ఈడుస్తూ వెళ్తుంది, ఫోటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అర్ధరాత్రి 12 దాటాక మళ్లీ మామూలైపోతుంది. తప్పు సిమ్ మీద ఉంటే అర్ధరాత్రి దాటినా, తెల్లారినా తేడా ఉండదు, ఒక్క మెసేజ్ కూడా కదలదు. మీకు 10 రోజులుగా ఒక్క రోజు కూడా బయట నెట్ రాలేదు కాబట్టే నేను ఇంత నమ్మకంగా చెబుతున్నాను.

రెండోది APN. నెట్ ఏ ద్వారం గుండా వెళ్లాలో ఫోన్‌కి చెప్పే పేరు అది. ప్రతి సిమ్‌కీ వేరేగా ఉంటుంది. మామూలుగా సిమ్ వేయగానే ఫోనే పెట్టుకుంటుంది, అరుదుగా తప్పుతుంది. Settings, Connections, Mobile networks, Access Point Names కి వెళ్లండి. అక్కడ పైన రెండు సిమ్‌ల పేర్లూ ఉంటాయి, నెట్ సిమ్ పేరు నొక్కి చూడండి. మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కితే Reset to default వస్తుంది. అది నొక్కి ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. చేత్తో రాయాల్సి వస్తే జియోకి jionet, ఎయిర్‌టెల్‌కి airtelgprs.com, బీఎస్ఎన్ఎల్‌కి bsnlnet. ఇదంతా చేశాక కూడా రాకపోతే, ఆ నెట్ సిమ్‌ని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో వేసి చూడండి. అక్కడా రాకపోతే సిమ్‌ది, కంపెనీది. అక్కడ వచ్చి మీ ఫోన్‌లోనే రాకపోతే అప్పుడు, అప్పుడు మాత్రమే, ఫోన్ తీసుకుని సామ్‌సంగ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

ఎవరైనా Reset network settings నొక్కేయండి, అంతా సెట్ అవుతుంది అంటే వినకండి. అది నొక్కితే మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్‌తో సహా దాచుకున్న వైఫైలన్నీ పోతాయి, బ్లూటూత్‌కి కలిపినవీ పోతాయి. సిమ్‌ల ఎంపిక కూడా మళ్లీ మొదటికి వస్తుంది. మీకు కావలసింది ఒక్క వరుస మార్చడం, దానికి ఇంత అక్కర్లేదు.

మీ ఇంట్లో వేరే ఫోన్లకీ ఇదే వస్తే దారి కాస్త మారుతుంది. మోటో, పిక్సెల్ లాంటి వాటిలో Network & internet లో SIMs అని ఉంటుంది, సిమ్ పేరు నొక్కి లోపల Mobile data ఆన్ చేయాలి. ఐఫోన్‌లో Settings లోనే Mobile Service, అందులో Mobile Data. అక్కడ కూడా Allow Mobile Data Switching అనే మీట ఉంటుంది, మీలాంటి ఏర్పాటుకి అది ఆఫ్‌లో ఉండాలి. ఏ కంపెనీ ఫోన్ అయినా దారి దొరక్కపోతే Settings పైన ఉండే వెతికే పెట్టెలో mobile data అని కొట్టండి, తిన్నగా అక్కడికే తీసుకెళ్తుంది.

పని అయిపోయాక SIM manager లో సిమ్ పేరు నొక్కి, SIM 1, SIM 2 తీసేసి మీకు అర్థమయ్యే పేర్లు పెట్టండి. ఒకదానికి బ్యాంకు, ఇంకోదానికి నెట్ అని తెలుగులోనే రాయొచ్చు. ఇక మీదట ఏ పెట్టె వచ్చి అడిగినా ఆ పేర్లతోనే అడుగుతుంది. అప్పుడు మీరు కాదు, మీ ఇంట్లో పిల్లలు నొక్కినా తప్పు నొక్కరు. మళ్లీ ఎప్పుడైనా ఫోన్ రిపేరుకి ఇస్తే, డబ్బులిచ్చే ముందు ఆ కౌంటర్ దగ్గరే నిలబడి, షాపు వైఫై తగలకుండా ఆపి, మీ సిమ్ నెట్ మీద ఒక పేజీ తెరిచి చూసుకోండి. అది తెరుచుకున్నాకే ఫోన్ సంచిలో వేసుకోండి.